గిల్ట్ ఫండ్, షార్ట్ డ్యూరేషన్ ఫండ్: నెలనెలా డబ్బు తీసుకుంటూ చూసిన తేడా

రిటైరైనప్పుడు వచ్చిన డబ్బులో కొంత 2021లో రెండు డెట్ ఫండ్లలో పెట్టాను. ఒకటి ప్రభుత్వ బాండ్లు కొనే గిల్ట్, ఇంకోటి తక్కువ కాలపు బాండ్లు కొనే షార్ట్ డ్యూరేషన్. మొదట్లో రెండింట్లోంచీ ఎస్‌డబ్ల్యూపీ పెట్టుకుని, అంటే ప్రతి నెలా కొన్ని యూనిట్లు అమ్మి డబ్బు ఖాతాలో పడే ఏర్పాటు చేసుకుని, ఇంటి ఖర్చుకు తీస్తూ వచ్చాను. 2025లో, రిజర్వ్ బ్యాంక్ బ్యాంకులకు అప్పిచ్చే రెపో రేటు తగ్గుతున్నప్పుడు గిల్ట్ ఫండ్ల రిటర్న్ చూసి, ఇక్కడ సైనిక్‌పురిలో మా వాకింగ్ మిత్రులు చాలామంది "గవర్నమెంటు బాండ్లే కదండీ, టెన్షన్ ఏముంది?" అని అడిగారు.

ప్రభుత్వం డబ్బు ఎగ్గొట్టదు, నిజమే. కానీ కొత్త బాండ్లు ఎక్కువ వడ్డీ ఇస్తుంటే పాత బాండ్ల ధర పడుతుంది. 2022 మే 4న రిజర్వ్ బ్యాంక్ ఎవరూ అనుకోని సమయంలో రెపోను 4 నుంచి 4.40 శాతానికి పెంచింది. మరుసటి ఫిబ్రవరికి అది 6.50 అయింది. ఆ మే నెలలో నా రెండు ఫండ్లూ పడ్డాయి, గిల్ట్ మరీ ఎక్కువగా.

ఎంత పడవచ్చో ముందే అంచనా వేసుకోవచ్చు. ఫండ్ హౌస్ ప్రతి నెలా ఇచ్చే ఫ్యాక్ట్‌షీట్‌లో 'మోడిఫైడ్ డ్యూరేషన్' అనే అంకె ఉంటుంది. అది 7 అయితే, మార్కెట్ వడ్డీ 1 శాతం పెరిగినప్పుడు ఎన్‌ఏవీ, అంటే ఒక్కో యూనిట్ ధర, దాదాపు 7 శాతం తగ్గుతుంది. 10 లక్షల మీద 70 వేలు. ఫండ్ ఏడాదికి 7 శాతం సంపాదించినా, ఆ ఏడాది వడ్డీ అంతా దానికే సరి. డ్యూరేషన్ 2 అయితే పోయేది 20 వేలే, 50 వేలు మిగులుతుంది.

కదపకుండా ఉంచేవాళ్లకు ఈ నష్టం మెల్లగా పూడుతుంది, ఎందుకంటే ఆ తర్వాత ఫండ్ కొత్త, ఎక్కువ వడ్డీకి సంపాదిస్తుంది. నెలనెలా తీసేవాళ్ల సంగతి వేరు. ఎన్‌ఏవీ 50 ఉన్నప్పుడు 6,000 కోసం 120 యూనిట్లు అమ్మితే చాలు. అది 46.50కి పడితే 129 అమ్మాలి. అలా అమ్మేసిన యూనిట్లు తర్వాత ధర కోలుకున్నా మనకు తిరిగి రావు. అందుకే గిల్ట్‌లో ఎస్‌డబ్ల్యూపీ ఆపేసి, ఖర్చుల డబ్బంతా షార్ట్ డ్యూరేషన్ నుంచే తీస్తున్నాను. అయిదారేళ్ల దాకా అక్కర్లేని డబ్బే గిల్ట్‌లో ఉంచాను.

రేట్లు తగ్గినప్పుడు వచ్చిన పెద్ద రిటర్న్‌లో ధర పెరుగుదల కలిసి ఉంటుంది, అది ప్రతి ఏడాదీ రాదు. ఇకముందు ఎంత రావచ్చో చూడాలంటే, ఫండ్‌లోని బాండ్లను గడువుదాకా ఉంచితే ఏడాదికి వచ్చే రాబడిని చూపే వైటీఎంలోంచి, ఫండ్ హౌస్ ఏటా తీసుకునే ఖర్చయిన ఎక్స్‌పెన్స్ రేషియో తీసేయండి. ఒక ఫండ్ వైటీఎం తోటి ఫండ్ల కంటే బాగా ఎక్కువగా కనిపిస్తే, తక్కువ రేటింగ్ కంపెనీ బాండ్లు ఉన్నాయేమో పోర్ట్‌ఫోలియోలో వెతకండి. పన్ను సంగతి కూడా ముందే లెక్కేసుకోండి: 2023 ఏప్రిల్ 1 నుంచి కొన్న యూనిట్ల లాభానికి ఎన్నేళ్లు ఉంచినా మీ స్లాబ్ రేటే పడుతుంది.