పెళ్లికి ముందు ఒప్పందం: ఇల్లు ఎలా రాయాలి?

పెళ్లికి ముందే వధువు కొన్న ఇంటి గురించి "ఇల్లు ఆమెదే" అని ఒక్క ముక్కలో రాయడం ఒక పద్ధతి. పెళ్లినాటి విలువ, మిగిలిన అప్పు, ఆపై ఉమ్మడి ఖాతా నుంచి కట్టే వాయిదాల లెక్క కూడా రాయడం రెండోది. నేను రెండోదాన్నే గట్టిగా కోరతాను, ఎందుకంటే ఉమ్మడి డబ్బు కలిశాక తగాదా మొదలయ్యేది అక్కడే. విలువలో 40 శాతం అప్పు ఉండి, అందులో సగం ఉమ్మడి ఖాతా నుంచి తీరితే, ఆ 20 శాతంలో సగం, అంటే ఇంటి విలువలో 10 శాతం, భర్తకు వస్తుందని ముందే రాసుకోవచ్చు.

అయితే ఒప్పందం బలం దేశాన్నిబట్టి మారుతుంది. పిల్లల పోషణ ఖర్చు అడగనన్న షరతును మాత్రం కోర్టులు సాధారణంగా అమలు చేయవు, ఆ హక్కు బిడ్డది కనుక. ఆస్తులు దాచి, లేదా పెళ్లి ముందురోజు ఒత్తిడి చేసి తీసుకున్న సంతకం కూడా నిలవకపోవచ్చు.