గ్యాప్ గురించి రెజ్యూమెలో ముందే రాయాలా, అడిగితే చెప్పాలా?

గ్రూప్స్‌కు ప్రిపేరై, అది కుదరక ఐటీ వైపు వస్తున్న జూనియర్లు నన్ను తరచూ అడిగే ప్రశ్న ఇది. హైదరాబాద్‌లో ఫ్రెషర్లను ఇంటర్వ్యూ చేస్తుంటాను కాబట్టి మాకు ఎలా కనిపిస్తుందో చెబుతాను.

ఈమధ్య ఒకమ్మాయి రెజ్యూమె కలిసి సరిచేశాం. 2021లో బీటెక్ అయింది. 2022 ఏప్రిల్‌లో 503 పోస్టులతో తెలంగాణ గ్రూప్-1 నోటిఫికేషన్ రాగానే చదువుకు కూర్చుంది. అక్టోబర్‌లో రాసిన ప్రిలిమ్స్ పేపర్ లీకేజీ వల్ల 2023 మార్చిలో రద్దయింది. జూన్‌లో మళ్లీ రాస్తే, సెప్టెంబర్‌లో హైకోర్టు దాన్నీ రద్దు చేసింది. ఆ మధ్యలో రెండు నెలలు ఓ విత్తనాల కంపెనీలో ఇంటర్న్‌షిప్ చేసింది. ఇప్పుడు టెస్టింగ్ ఉద్యోగాలకు అప్లై చేస్తోంది.

మొదట ఆమె ఇవేవీ రాయలేదు. "అడిగితే చెబుతాను కదా అన్నా" అంది. అది అబద్ధమేమీ కాదు. మూడు నాలుగు నెలల గ్యాప్ అయితే అలా వదిలేసినా సరిపోతుంది. కానీ రెండేళ్ల ఖాళీ మా కంటపడకుండా ఉండదు. మేం అడిగాక మొదలుపెట్టే జవాబు ఎంత నిజమైనా సంజాయిషీలాగే వినిపిస్తుంది.

ముందే ఒక లైన్ రాయడమే మేలని నా అభిప్రాయం: "ఏప్రిల్ 2022 – ఫిబ్రవరి 2024: గ్రూప్-1 ప్రిపరేషన్, ప్రిలిమ్స్ రెండుసార్లు రాశాను." అది చూశాక ఎందుకు ఖాళీగా ఉన్నావని ఎవరూ అడగరు. మా అసలు భయం వేరు. రేపు ఇంకో నోటిఫికేషన్ వస్తే వెళ్లిపోతుందా? నా దృష్టిలో ఇంటర్వ్యూ తేలేది ఇక్కడే. "ఇక రాయను" అని మాట ఇస్తే చాలదు, జరిగినది చూపించాలి. ఆమె దగ్గర అది ఉంది. 2024 ఫిబ్రవరిలో పాత నోటిఫికేషన్ తీసేసి 563 పోస్టులతో కొత్తది ఇచ్చారు. ఆమె దానికి అప్లై చేయకుండా టెస్టింగ్ కోర్సులో చేరింది. ఇదే మాట చెప్పమన్నాను. మీరు అప్లై చేసి ఉంటే మాత్రం, చేశానని చెప్పండి.

ఇంటర్న్‌షిప్‌ను "డేటా అనలిటిక్స్" అని మార్చమని స్నేహితులు సలహా ఇచ్చారట. అలా రాస్తే తర్వాతి ప్రశ్న ఎస్‌క్యూఎల్ మీదే వస్తుంది. ఆమె నిజంగా చేసింది డీలర్ల సర్వే ఫారాలు ఎక్సెల్‌లో ఎక్కించడం. రెండు దుకాణాలకు ఒకే ఫోన్ నంబర్ ఉండటం గమనించి, ఫోన్ చేసి కనుక్కొని సరిచేసింది. టెస్టింగ్ ఉద్యోగానికి అంతకంటే మంచి ఉదాహరణ ఏముంటుంది?

ఫేక్ ఎక్స్‌పీరియన్స్ పెట్టుకోవడం గురించి ఎక్కువ చెప్పను. పీఎఫ్ ఖాతా నంబరైన యూఏఎన్‌లో ఎక్కడ ఎప్పుడు చేరారో, ఎప్పుడు మానేశారో ఉంటుంది. బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో దొరికితే చేరిన తర్వాతైనా తీసేస్తారు.

ఆ వెరిఫికేషన్ ఫారంలో గ్యాప్‌కు కారణం, కొన్నిచోట్ల ఆధారం కూడా అడుగుతారు. రెండు ప్రిలిమ్స్ హాల్‌టికెట్లు, ఇంటర్న్‌షిప్ సర్టిఫికెట్ ఆమె ఇప్పటికే స్కాన్ చేసి పెట్టుకుంది.