బోర్డు మినిట్స్‌కి తెలుగు సారాంశం: నాలుగు గడుల షీటు వాడిన మీదట

చిత్తూరు వైపు మామిడి గుజ్జు ఫ్యాక్టరీల్లో బోర్డు మినిట్స్ ఇంగ్లీషులోనే వస్తాయి, పని చేయాల్సిన సూపర్‌వైజర్లు తెలుగులో చదువుతారు. ఈ రెంటి మధ్య నేను చాలాకాలంగా వాడుతున్నది ఒక్క పేజీ షీటు: నిర్ణయం, ఎవరు, ఎప్పటికి, షరతు. ప్రతి వరుస మొదట్లో మినిట్స్‌లోని అంశం నంబరు వేస్తాను. అనుమానం వస్తే అసలు పాఠం వెతుక్కోవడానికి అదే దారి.

మామూలు పేరాగా రాసిన సారాంశంతో వచ్చే చిక్కు ఏమిటంటే, తెలుగులో కర్త లేకుండానే వాక్యం హాయిగా నడిచిపోతుంది. "కొటేషన్లు తెప్పించాలని నిర్ణయించారు" అంటే వినడానికి బాగానే ఉంటుంది, తెప్పించేది ఎవరో మాత్రం తేలదు. గడి ఖాళీగా కనబడితే ఆ లోపం వెంటనే పట్టుబడుతుంది.

ఒక ఉదాహరణ చూడండి. 5,000 ప్లాస్టిక్ క్రేట్ల కొనుగోలుకు బోర్డు సూత్రప్రాయంగా ఒప్పుకుంది. కొనుగోళ్ల జీఎం మూడు కొటేషన్లు తెప్పించి ఏప్రిల్ 30 లోగా కొనుగోలు కమిటీ ముందు పెట్టాలి. నిధులున్నాయని సీఎఫ్‌ఓ ధ్రువీకరించాలి. దీన్ని "క్రేట్ల కొనుగోలుకు ఆమోదం, ఏప్రిల్ 30 లోగా" అని కుదించారనుకోండి, స్టోర్స్ వాళ్లు సరఫరాదారుకి ఫోన్ కొట్టేస్తారు. తోతాపురి జూన్‌లో దిగుతుందన్న తొందర ఎటూ ఉంటుంది. షీటులో మాత్రం నిర్ణయం గడిలో "సూత్రప్రాయం, ఆర్డరు ఇంకా ఇవ్వకూడదు" అని ఉంటుంది. సీఎఫ్‌ఓకి వేరే వరుస. ఆయన గడువు గడిలో "మినిట్స్‌లో లేదు" అని రాస్తాను. జీఎం తేదీనే ఆయనకూ అంటగట్టడం చాలామంది చేసే పని, అది బోర్డు చెప్పని మాట.

"ఆమోదం అందిన 30 రోజుల్లో" లాంటి గడువులు ఇంకో తలనొప్పి. ఆమోదం రాకముందే క్యాలెండర్ తేదీ వేస్తే అది మన ఊహే. "ఆమోదం వచ్చిన రోజు + 30" అని వదిలేసి, అది వచ్చాకే తేదీ నింపాలి.

షీటు పైన "డ్రాఫ్ట్" ముద్ర తప్పనిసరి. కంపెనీ సెక్రటరీల ప్రమాణం ఎస్‌ఎస్-1 ప్రకారం సమావేశం ముగిసిన 15 రోజుల్లోగా ముసాయిదా మినిట్స్ డైరెక్టర్లకు పంపాలి, వాళ్లు తమ అభిప్రాయం చెప్పడానికి 7 రోజులుంటాయి. ఆ వారంలో బాధ్యుడి పేరూ మారొచ్చు, తేదీ కూడా. మినిట్స్ పుస్తకంలోకి ఎక్కిన పాఠంతో మరోసారి సరిచూసుకున్నాకే ముద్ర తీసేయాలి.

ఈ షీటు బలహీనత చర్చ దగ్గర. ఎవరైనా డైరెక్టర్ అసమ్మతి నమోదు చేయిస్తే దాన్ని గడిలో కుక్కలేం, షీటు కింద రెండు వాక్యాలు విడిగా రాయాల్సిందే. రుణాలు, పూచీకత్తుల తీర్మానాలనైతే నేను అసలు కుదించను. పూర్తి పాఠం జతచేసి, షీటులో అంశం నంబరు మాత్రం ఇస్తాను.