కీక్యాడ్ నుంచి ఫ్రీక్యాడ్‌కు స్టెప్ ఫైలు: మూడేళ్లు మెచ్చుకుని, ఒక రాత్రి తిట్టుకుని

కీక్యాడ్‌లో గీసిన సర్క్యూట్ బోర్డును త్రీడీ ఆకారంగా బయటికి పంపేదే స్టెప్ ఫైలు. దాని ఎగుమతి విండోలో `Drill/place file origin` అనే చిన్న ఎంపిక ఒకటి ఉంటుంది. దాన్ని కనిపెట్టిన రోజు నుంచి వెర్నియర్ కాలిపర్‌ను సొరుగులోంచి తీయాల్సిన పని చాలావరకు తప్పింది. ఈ సమీక్ష దాని గురించే. మిగతా సంగతులు అందరికీ తెలిసినవే.

నేను ఒంగోలులో ఇంట్లోనే చిన్న పెట్టెలు తయారుచేస్తాను. రొయ్యల చెరువు మీద ఏరేటర్లకు వెళ్లే మూడు ఫేజుల్లో ఒకటి పోయినా రైతుకు ఫోను మోగించే అలారం అది. బోర్డు కీక్యాడ్‌లో గీస్తాను, దాన్ని మోసే అడుగు పలకను, పక్క గోడను ఫ్రీక్యాడ్‌లో గీసి త్రీడీ ప్రింటర్‌లో తీస్తాను. బోర్డు 100 × 70 మిల్లీమీటర్లు. మూలల్లో నాలుగు రంధ్రాలు, ఒక్కొక్కటి అంచు నుంచి 4 మిల్లీమీటర్లు లోపలికి. అంటే రంధ్రాల మధ్య దూరం 92 × 62.

మొదట్లో బోర్డు అంచు గీతలుండే `Edge.Cuts` పొరను డీఎక్స్‌ఎఫ్ అనే గీతల ఫైలుగా తీసి ఫ్రీక్యాడ్‌లోకి తెచ్చుకునేవాడిని. మొదటిసారి బోర్డు గోరంత వచ్చింది, వెడల్పు 3.937. అంగుళాల్లో ఎగుమతి అయిన సంఖ్యలను ఇవతల మిల్లీమీటర్లుగా చదువుకోవడం వల్ల అలా అయింది. కంటికి కొట్టొచ్చినట్టు కనిపించే తప్పు కాబట్టి దానివల్ల నష్టం లేదు. అసలు చిక్కు, నాలుగు రంధ్రాలూ రాలేదు. స్క్రూ రంధ్రాలను మనం విడిభాగాల్లా తెచ్చి బోర్డు మీద పెడతాం. అవి డ్రిల్లింగ్ లెక్కలోకి వెళ్తాయి తప్ప అంచు గీతల పొరలోకి రావు. దాంతో అంచు నుంచి కొలిచి చేత్తో వేసుకునేవాడిని. బోర్డు అంచును కోసేటప్పుడు 0.2 మిల్లీమీటర్ల దాకా అటూ ఇటూ కావడం మామూలే. రంధ్రాలు ఒకదానితో ఒకటి అంతకన్నా నమ్మకంగా ఉంటాయి. నమ్మదగినదాన్ని వదిలేసి నమ్మరానిదాన్ని పట్టుకుని కొలిచానన్నమాట.

స్టెప్ ఫైలులో రంధ్రాలు నిజంగా తొలిచినట్టే వస్తాయి. కీక్యాడ్‌లో డ్రిల్ ఫైలు మూలబిందువును ఎడమ కింది రంధ్రం నడిబొడ్డున పెట్టి, ఎగుమతిలో పైన చెప్పిన ఎంపిక నొక్కితే, ఫ్రీక్యాడ్‌లో ఆ రంధ్రం సరిగ్గా (0, 0) మీద కూర్చుంటుంది. మిగతావి (92, 0), (92, 62), (0, 62). జరపడం, తిప్పడం ఏమీ ఉండవు. బోర్డు ఎన్నిసార్లు మార్చినా మళ్లీ అదే చోట దిగుతుంది. మూడేళ్లలో ఈ ఒక్క విషయం నన్ను ఎప్పుడూ మోసం చేయలేదు.

మోసపోయింది నా పద్ధతి. కిందటి వేసవిలో బోర్డు మార్చాను. ఉప్పుగాలికి రిలే దగ్గర తేమ పట్టి తుప్పు వస్తోందని, కరెంటు వైపుకూ చిన్న వోల్టేజీ వైపుకూ మధ్య సన్నటి గాడి కోయించాను. రిలే పెద్దదైంది కాబట్టి కుడి పై రంధ్రాన్ని 92 నుంచి 86కు జరిపాను. ఫ్రీక్యాడ్‌లో మళ్లీ మొదటి నుంచి గీయడం ఎందుకని, పాత బోర్డు ఆకారం స్థానంలో కొత్తది పెట్టాను:

```python
d = App.ActiveDocument
d.getObject("Board").Shape = d.getObject("Board001").Shape
d.recompute()
```

అడుగు పలక మీద స్క్రూలు దిగే నాలుగు స్తంభాలనూ బోర్డు రంధ్రాల అంచులకు కట్టి ఉంచాను. రంధ్రం కదిలితే స్తంభం దానంతటదే కదలాలని నా ఆశ. తప్పు ఉందని చెప్పే ఎర్ర గుర్తు ఏదీ రాలేదు. పన్నెండు పలకలను ప్రింటింగుకు పెట్టాను. రెండు రాత్రులు పట్టింది.

మూడో రోజు ఉదయం బోర్డు పెట్టి చూస్తే మూడు స్క్రూలు దిగాయి. నాలుగో రంధ్రం కింద ఏమీ లేదు. పలకను తిప్పి చూస్తే నాలుగో స్తంభం రిలే కిందికి వెళ్లి, నేను కోయించిన గాడి కొస దగ్గర నిలబడి ఉంది. సింగరాయకొండ రైతు అప్పుడే ఫోను. "అబ్బాయా, రాత్రి మళ్లీ ఒక ఫేజు పోయింది, పెట్టె ఎప్పుడు బిగిస్తావు?" రేపు అన్నాను. ఆ రేపు నాలుగు రోజుల తర్వాత వచ్చింది.

కారణం తర్వాత బోధపడింది. స్టెప్ ఫైలులో ఆకారం మాత్రమే ఉంటుంది, అది ఎలా గీశామన్న చరిత్ర ఉండదు. అందుకని ఫ్రీక్యాడ్ ఒక్కో అంచుకు వరస సంఖ్య ఇచ్చుకుంటుంది. నా స్తంభం కట్టుబడింది "కుడి పై రంధ్రానికి" కాదు, ఫలానా సంఖ్య గల అంచుకు. గాడి చేరగానే వరస మారి, ఆ సంఖ్య గాడి కొసన ఉండే అర్ధవృత్తానికి వెళ్లింది. దానికీ కేంద్రం ఉంటుంది కాబట్టి తప్పుగా తోచలేదు. పైనుంచి చూస్తే రిలే అడ్డం, నాకూ కనపడలేదు.

ఇప్పుడు స్తంభాలను బోర్డుకు కట్టడం మానేశాను. ఫ్రీక్యాడ్ లోపలి స్ప్రెడ్‌షీట్‌లో నాలుగు రంధ్రాల అంకెలు రాసుకుంటాను, స్తంభాలు వాటిని చూసి నిలబడతాయి. ఆ అంకెలు నేరుగా ఎత్తి రాయడానికి కీక్యాడ్ సెట్టింగుల్లో కొలతలను అదే మూలబిందువు నుంచి, వై అక్షాన్ని పైకి పెరిగేలా పెట్టుకోవాలి. లేకపోతే 62 కాస్తా మైనస్ 62 అవుతుంది. దిగుమతైన బోర్డును సగం పారదర్శకంగా పైన పరుస్తాను, చూసి సరిపోల్చుకోవడానికే. ప్రింటింగ్‌లో కూడా ముందు మూడు పొరలు మాత్రమే తీసి, బోర్డు పెట్టి చూసి, తర్వాతే మిగతాది.

కనెక్టర్ల కోతల విషయంలో మొదట్లో నేను చేసిన పొగడ్తను కాస్త తగ్గించుకోవాలి. బోర్డుతో పాటు యూఎస్‌బీ టైప్-సి సాకెట్ నమూనా కూడా వచ్చి గోడ వెనకాల కూర్చుంటుంది. దాని చుట్టుకొలత చూసి అంతే కోశాను. తీగ దిగలేదు. గోడ మందం 2.5 మిల్లీమీటర్లు, సాకెట్ మూతి దాని వెనక ఉంది. ప్లగ్గు చుట్టూ ఉండే ప్లాస్టిక్ తొడుగు గోడకు తగిలి ఆగిపోతుంది. ఆ తొడుగు 12.35 × 6.5 దాకా ఉండవచ్చు. అందుకే ఇప్పుడు 13 × 7 కోసి, రబ్బరు మూత పెడుతున్నాను. పైగా తెరమీది నమూనా ఎత్తు బజారులో దొరికిన సాకెట్‌కు కచ్చితంగా సరిపోతుందని హామీ లేదు. అందుకే కాలిపర్‌ను పారేయలేదు.

నాకు సీజనుకు పది, ఇరవై పెట్టెలు పోతాయి, బోర్డు ఏడాదికి రెండుసార్లయినా మారుతుంది. అందుకే ఈ పద్ధతి నాకు గిట్టుబాటు. జీవితంలో ఒక్క పెట్టె చేసేవారైతే బోర్డు బొమ్మను ఒకటికి ఒకటి కొలతలో కాగితం మీద ప్రింటు తీసి, పెట్టెకు అంటించి, కాగితం మీదుగానే రంధ్రాలు వేసుకోవచ్చు. అలా చేసిన నా మొదటి పెట్టె కొత్తపట్నం దగ్గర ఇంకా పనిచేస్తోంది. నాలుగు స్క్రూలూ దానికి ఉన్నాయి.