కుక్కకు మధుమేహం: ఎన్.పి.హెచ్. ఇన్సులిన్, ఇంటి గ్లూకోమీటరు మూడేళ్ళకు పైగా వాడాక

మా ఇంట్లో పెరిగిన పమేరియన్ ఆడకుక్క సిరికి తొమ్మిదో ఏట మధుమేహం బయటపడింది. అప్పటినుంచి మనుషులకు వాడే, కొన్ని గంటలపాటు మెల్లగా పనిచేసే ఎన్.పి.హెచ్. రకం ఇన్సులిన్‌ను, మనుషుల గ్లూకోమీటరునే వాడుతూ వస్తున్నాము. పశువులకని ప్రత్యేకంగా తయారయ్యే ఇన్సులిన్ మా విజయవాడలో నమ్మకంగా దొరకనందున పశువైద్యుడు మొదటినుంచీ దీనినే రాశారు. ఈ పద్ధతి ఎంతవరకు పనిచేస్తుంది, ఎక్కడ జాగ్రత్త అవసరం అన్నది మా అనుభవంలోంచి రాస్తున్నాను.

ముందుగా లక్షణాల సంగతి. సిరి మూత్రం పోసిన చోట చీమలు పట్టడం మా పనిమనిషి గమనించి చెప్పింది. అప్పటికే అది రాత్రిళ్ళు లేచి నీళ్ళు తాగడం, ఎప్పుడూ లేనిది గదిలోనే మూత్రం పోయడం మొదలుపెట్టింది. అన్నం ఆబగా తింటోంది, కానీ వెన్నుమీద చెయ్యి వేస్తే ఎముకలు తగులుతున్నాయి. బెజవాడ ఎండల్లో ఏ కుక్కైనా ఎక్కువ నీళ్ళు తాగుతుంది కాబట్టి దాహాన్ని కంటితో అంచనా వేయడం కష్టం. అందుకు వైద్యుడు చెప్పిన ఉపాయం సులువైనది: ఉదయం లీటరు సీసాతో కొలిచి గిన్నెలో పోసి, మరునాడు అదే వేళకు మిగిలినది కొలవాలి. కుక్క బరువులో ప్రతి కిలోకు రోజుకు 100 మిల్లీలీటర్లు దాటితే అనుమానించవలసిందే. ఏడున్నర కిలోల సిరికి 750 మిల్లీలీటర్లు హద్దు అయితే, అది లీటరుకు పైగా తాగుతోంది. రక్తంలో చక్కెర దాదాపు 180 నుంచి 200 దాటినప్పుడు మూత్రపిండాలు దానిని ఆపలేవు. మూత్రంలోకి పోయే చక్కెర తనతోపాటు నీటినీ లాక్కుపోతుంది. దాహం అక్కడినుంచి వస్తుంది. తిన్నది ఒంటికి పట్టక కండ కరుగుతుంది. పరీక్షలో సిరి చక్కెర 400 పైన ఉంది, మూత్రంలోనూ చక్కెర కనిపించింది. ఇవే లక్షణాలు మూత్రపిండాల జబ్బులోనూ, ఆడకుక్కల్లో గర్భసంచికి చీము పట్టినప్పుడూ రావచ్చు కాబట్టి రక్తం, మూత్రం రెండూ పరీక్షించకుండా నిర్ధారణకు రాకూడదు.

మనుషుల్లో చాలామందికి మాత్రలతో నడిచినట్లు కుక్కలకు నడవదు. వాటి క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే కణాలే దెబ్బతిని ఉంటాయి కనుక బయటినుంచి ఇన్సులిన్ ఇవ్వడం తప్ప మరో దారి లేదు. 1921లో టొరంటోలో బాంటింగ్, బెస్ట్ క్లోమం తొలగించిన కుక్కలమీదనే తమ మందు పనిచేస్తుందని చూపించారు. ఆ మందు కుక్కలకు ఇంతగా నప్పడం నాకు ఆశ్చర్యంగా అనిపించదు.

వైద్యులు సాధారణంగా కిలోకు పావు యూనిట్ నుంచి అర యూనిట్ వరకు, 12 గంటలకొకసారి మొదలుపెడతారు. సిరికి రెండు యూనిట్లతో మొదలుపెట్టి, వారం పది రోజుల ఎడంతో కొద్దికొద్దిగా పెంచుతూ అయిదు యూనిట్లకు తెచ్చారు. ఇక్కడ సిరంజి విషయం నొక్కి చెప్పాలి. మన మందుల షాపుల్లో దొరికే ఇన్సులిన్ సీసాల్లో మిల్లీలీటరుకు 40 యూనిట్లు ఉంటాయి, పెన్నులో వేసే కార్ట్రిడ్జిల్లో 100 ఉంటాయి. సిరంజిలు కూడా అలాగే రెండు రకాలు. 40 సీసాలోని మందును 100 సిరంజితో మూడు యూనిట్ల గీత వరకు తీస్తే కుక్కకు అందేది ఒక యూనిట్‌కు కాస్త ఎక్కువే, అంతే. 100 మందును 40 సిరంజితో తీస్తే రెండున్నర రెట్లు పోతుంది, చిన్న కుక్కకు అది ప్రాణాంతకం. సీసామీదా సిరంజిమీదా ఒకే అంకె ఉన్నదని ప్రతి కొనుగోలులోనూ చూసుకోవాలి. సీసా పేరులో 30/70 అని ఉంటే అది వేరే మిశ్రమం. షాపువారు ‘రెండూ ఒకటే’ అన్నా తీసుకోకూడదు.

ఎన్.పి.హెచ్. పాలలా తెల్లగా ఉంటుంది, కదపకుండా ఉంచితే మందు అడుగుకు చేరుతుంది. సీసాను గిలకొట్టకుండా రెండు అరచేతుల మధ్య మెల్లగా దొర్లించి, అంతా ఒకే తెలుపుకు వచ్చాక తీయాలి. దొర్లించినా పలుకులు మిగిలితే ఆ సీసా పనికిరాదు. ఫ్రిజ్‌లో మధ్య అరలో ఉంచుతాము, గడ్డకట్టినది మళ్ళీ కరిగినా వాడము. సిరి ముందుగా తింటుంది, తిన్నాకే సూది. ఒంటి పక్కన చర్మాన్ని రెండు వేళ్ళతో గుడారంలా ఎత్తి, ఆ మడతలోకి సూది దించితే కుక్కకు పెద్దగా తెలియదు. రోజూ ఒకే చోట వేస్తే అక్కడ గట్టిపడి మందు సరిగా ఎక్కదు కనుక పొద్దున ఎడమ పక్క, సాయంత్రం కుడి పక్క, అందులోనూ చోటు కొద్దిగా మారుస్తాము. ఒక్కోసారి కదిలిపోయి బొచ్చు తడిగా తగులుతుంది. అప్పుడు ఎంత లోపలికి పోయిందో తెలియదు గనుక రెండోసారి వేయకూడదు. ఒక పూట చక్కెర పెరిగితే కుక్క తట్టుకుంటుంది, రెండింతల మోతాదును తట్టుకోలేదు.

ఇప్పుడు ఈ సమీక్షలో నాకు అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి. సిరికి అప్పటికి గర్భసంచి ఆపరేషన్ కాలేదు. ఎదకు వచ్చి వెళ్ళిన తర్వాత కొన్ని వారాలపాటు ఆడకుక్కల్లో ప్రొజెస్టిరాన్ ఎక్కువగా ఉంటుంది, దాని ప్రభావంతో పెరుగుదల హార్మోనూ పెరిగి ఇన్సులిన్ పనిని అడ్డుకుంటుంది. సిరికి జబ్బు బయటపడింది సరిగ్గా ఆ వారాల్లోనే. పరిస్థితి కొంత కుదుటపడగానే అండాశయాలు, గర్భసంచి తీయించాము. ఆ అడ్డు తొలగిన తర్వాత అదే అయిదు యూనిట్లు ఒంటిమీద మరింత బలంగా పనిచేస్తాయని, మోతాదు తగ్గించవలసి రావచ్చని వైద్యుడు ముందే హెచ్చరించారు. అయితే కొన్నాళ్ళకు ఉదయం సూదికి ముందు చూస్తే చక్కెర 365. ఆ ఒక్క అంకెనే చూస్తే ఎవరికైనా మందు చాలడం లేదనిపిస్తుంది.

ఆయన మోతాదు ముట్టుకోకుండా రోజంతా రెండు గంటలకొకసారి కొలిచి రాయమన్నారు. చెవి లోపలి అంచును వెచ్చటి గుడ్డతో అద్ది, లాన్సెట్‌తో గుచ్చితే చిన్న చుక్క వస్తుంది, స్ట్రిప్పుకు అది చాలు. ఏడింటికి 365, తొమ్మిదికి 240, పదకొండుకు 96, ఒంటి గంటకు 68. అప్పుడు సిరి తూలలేదు, వణకలేదు, అయినా చక్కెర నీళ్ళు పక్కన పెట్టుకుని కూర్చున్నాము. మూడింటికి 190, అయిదింటికి 330, రాత్రి ఏడింటికి 390. అంటే మందు ఎక్కువై చక్కెర వేగంగా పడిపోయింది, శరీరం భయపడి కాలేయంలో దాచుకున్న చక్కెరను విడుదల చేసింది, ఆ పెరుగుదలే మరునాటి ఉదయానికి పెద్ద అంకెగా కనిపిస్తోంది. ఆ కాగితం చూసి వైద్యుడు, ‘పెంచి ఉంటే ప్రమాదమయ్యేదమ్మా, నాలుగుకు తగ్గించండి’ అన్నారు. పది రోజుల తర్వాత మళ్ళీ కొలిస్తే ఉదయం 260, మధ్యాహ్నం ఒంటి గంటకు 105, రాత్రి ఏడింటికి 250. రోజులో అత్యల్పం 80కీ 150కీ మధ్య ఉండి, మిగతా వేళల్లో దాదాపు 250 దాటకుంటే చాలని మా వైద్యుని లెక్క. కుక్క విషయంలో మనుషుల్లా ఉదయపు అంకె 100 రావాలని పట్టుబట్టనవసరం లేదు.

గ్లూకోమీటరుకు ఒక పరిమితి ఉంది. మనుషుల రక్తానికి తయారైనది కాబట్టి కుక్కలో సాధారణంగా అసలుకన్నా తక్కువ చూపుతుంది. ల్యాబులో ఒకసారి అదే వేళకు తీసిన రక్తంతో పోల్చుకుంటే మన మీటరు తేడా ఎటువైపో తెలుస్తుంది. 60 కన్నా తక్కువ చూపి, కుక్క నీరసపడినా తూలినా, మీటరును అనుమానిస్తూ కూర్చోకుండా తేనెనో చక్కెర పాకాన్నో చిగుళ్ళకు రాసి వైద్యునికి ఫోన్ చేయాలి. మూర్ఛ వస్తే నోట్లో పోయకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

ఆహారంలో మేము పాటించేది ఒక్కటే సూత్రం: ఎంత పెట్టినా రెండు పూటలా అంతే, అదే వేళకు. ఉడికించిన కోడిమాంసం చర్మం లేకుండా, కొలిచిన కొద్ది అన్నం, సొరకాయ, బీన్స్, వైద్యుడు రాసిన కాల్షియం పొడి. ఇంటి తిండిలో కాల్షియం చాలదు గనుక దానిని మానలేము. నెయ్యి, వేపుడు ముక్కలు పూర్తిగా ఆపాము, క్లోమం వాపుకు కొవ్వు తోడ్పడుతుంది. మధ్యలో బిస్కెట్లు, పండగ పూట బెల్లం ముక్కలు కూడా లేవు. చుట్టాలు ప్రేమతో పెట్టబోతే మా అత్తయ్యే చెయ్యి పట్టుకుని ఆపుతారు. షుగర్ లేని మిఠాయిలు, చూయింగ్ గమ్ములు మరీ ప్రమాదం. వాటిలోని జైలిటాల్ కుక్కల ఒంట్లో ఇన్సులిన్‌ను ఒక్కసారిగా పెంచి చక్కెరను పడగొడుతుంది, కాలేయాన్నీ పాడుచేస్తుంది. సిరి తిండి ముట్టని పూట ఏం చేయాలో ముందే అడిగి రాసుకున్నాము: సగం తింటే సగం మోతాదు, అసలు తినకపోతే సూది వేయకుండా ఫోన్. తినకపోవడంతోపాటు వాంతులు, నోట్లో పండు కుళ్ళిన వాసన ఉంటే అది రక్తంలో కీటోన్లు అనే ఆమ్లాలు చేరిన సంకేతం, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి.

ఇన్సులిన్ ఆపలేనిది కళ్ళ సంగతి. సిరికి ఏడాదిలోపే రెండు కళ్ళలోనూ శుక్లాలు వచ్చాయి. కుక్కల్లో చక్కెర అదుపులో ఉన్నా ఇది చాలా సాధారణం. ఆపరేషన్ చేయించవచ్చని చెప్పారు, వయసు, మత్తు ప్రమాదం చూసుకుని మేము చేయించలేదు. గిన్నె చోటు మార్చకపోతే వాసనతోనే వెతుక్కుంటుంది. మూత్రంలో ఇన్‌ఫెక్షన్ కూడా ఒకసారి వచ్చింది. అదుపులో ఉన్న అంకెలు కారణం లేకుండా పెరిగితే మోతాదుకన్నా ముందు మూత్రం పరీక్ష చేయించాలని అప్పటినుంచి అలవాటు చేసుకున్నాము.

ఖర్చు విషయానికొస్తే, ఇన్సులిన్ కన్నా స్ట్రిప్పులకే ఎక్కువ అవుతుంది. పది మిల్లీలీటర్ల సీసాలో 400 యూనిట్లు, రోజుకు ఎనిమిది చొప్పున 50 రోజులు రావాలి, కానీ తెరిచిన సీసాను కరపత్రంలో రాసిన గడువుకు, అంటే నాలుగు నుంచి ఆరు వారాలకు, మార్చేస్తాము. మిగిలిన మందు పారబోయడం బాధగానే ఉంటుంది, కానీ పాతబడిన సీసాతో చక్కెర పెరిగితే, అది మోతాదు లోపమో మందు లోపమో చెప్పడం కుదరదు. సిరి బరువు ఇప్పుడు ఎనిమిదిన్నర కిలోలు, రోజుకు తాగే నీళ్ళు అర లీటరుకు తక్కువ.