తెల్లారకముందు విమానం, చేతిలో మూడు పెట్టెలు: తిరుపతి నుంచి మద్రాసుకి మూడు ప్రయాణాలు

తెల్లారకముందు విమానానికి పెట్టెలతో కారులో పోవాలా, బస్సులోనా, మెట్రోలోనా అంటే, ముందు ఒక మాట: తిరుపతిలో మెట్రో లేదు. మా విమానాశ్రయం రేణిగుంటలో ఉంది కాబట్టి అక్కడ ఎక్కేవాళ్లకి ఈ గొడవే లేదు, ఆటోనో కారో పిలిస్తే అరగంటలో గుమ్మం ముందు దిగొచ్చు. చిక్కంతా మద్రాసు విమానంతోనే. అక్కడి నుంచి వెళ్లే ఊళ్లు ఎక్కువ, టికెట్టు కూడా చాలాసార్లు తక్కువ. అందుకే మా బైరాగిపట్టెడలో ఢిల్లీకో కాశీకో పోయేవాళ్లలో సగంమంది మద్రాసు విమానాశ్రయం ఉన్న మీనంబాకంలోనే ఎక్కుతారు. ఆ తక్కువ టికెట్టేమో ఎప్పుడూ తెల్లవారుజాము 5కీ 6కీ మధ్యనే ఉంటుంది. రాత్రంతా నిద్రలేకుండా 140 కిలోమీటర్ల పైచిలుకు పోవాలి. రెండేళ్లలో మూడుసార్లు పోయాను, మూడూ మూడు రకాలుగా.

మొదటిసారి కారు. నేను, మా ఆవిడ, మా అత్తయ్య. ఢిల్లీ విమానం 5:50కి. పదిహేను కిలోల పెట్టెలు రెండు, అత్తయ్య చేతిసంచి, దానికి తోడు ఢిల్లీలో ఉన్న మరదలి కోసం ఆవకాయ డబ్బా. డబ్బాని పెట్టెలోనే సర్దాం. చేతిసంచిలో పెడితే నూనె ఉందని తనిఖీ దగ్గర తీసేసే అవకాశం ఉంది.

ఈ లెక్కని విమానం కదిలే టైము నుంచి వేస్తే తప్పుతుంది, నేనూ మొదట అలాగే వేశాను. పెట్టె తూచి ఇచ్చే కౌంటరు దేశీయ విమానాలకి మామూలుగా గంట ముందు మూసేస్తారు. అంటే మాకు 4:50. లోపలికి పోయేచోట గుర్తింపు కార్డు చూసే లైను, కౌంటరు దగ్గర ఇంకో లైను పోను 4 గంటలకల్లా అక్కడ ఉండాలి. రాత్రిపూట రోడ్డు ఖాళీగా ఉంటే మూడు గంటలు పడుతుంది. టైరు పంచరైతేనో, తిరువళ్లూరు దగ్గర లారీలు అడ్డం నిలిస్తేనో అని ఇంకో అరగంట కలిపాను. 12:30కి బయల్దేరాం.

కారువాడు టోలుతో కలిపి 3,600 అన్నాడు. పుత్తూరు దాటే దారిలో ఎస్.వి.పురం దగ్గర ఒకటి, తమిళనాడులో పట్టరైపెరుంబుదూరు దగ్గర ఒకటి, టోలు గేట్లు రెండు వస్తాయి. "సామీ, పర్మిట్టు సంగతి మాట్లాడలేదే" అని తెల్లారి దిగేటప్పుడు ఇంకో మూడొందలు అడిగాడు. తప్పు నాదీ ఉంది. మా ఊరి పసుపు నంబరు ప్లేటు బండి తమిళనాడులోకి పోవాలంటే పర్మిట్టు సరిగ్గా ఉండాలి. ఆ ఖర్చు ఎవరిదో ముందురోజే ఫోన్లో తేల్చుకోవాల్సింది. తెల్ల ప్లేటు సొంతబండి ఐదొందలు తక్కువకి వస్తానన్నవాడు ఒకడున్నాడు కానీ, రాష్ట్రం దాటేచోట ఆపితే మన విమానం పోతుంది, వాడికి జరిమానా పడుతుంది. అందుకే ఒప్పుకోలేదు.

డబ్బుకన్నా భయపెట్టింది వేరే. నగరి దాటాక డ్రైవరు అద్దం దించాడు. కాసేపటికి పాన్ పరాగ్ నోట్లో వేసుకున్నాడు. ఆ తర్వాత రోడ్డు అంచు తెల్లగీత మీద చక్రం పడి గరగరమని రెండుసార్లు శబ్దం వచ్చింది. అడిగితే, పొద్దున 5కి కొండమీదికి భక్తుల్ని ఎక్కించాడట, మధ్యాహ్నం కాళహస్తి, సాయంత్రం మళ్లీ కొండ, అర్ధరాత్రి ఘాట్ రోడ్డు మూసేలోపు దిగి నేరుగా మా ఇంటికి వచ్చాడు. తిరుత్తణిలో బండి ఆపించి, టీ తాగించి, పదిహేను నిమిషాలు సీటు వాల్చి పడుకోమన్నాను. అప్పుడు పనికొచ్చింది ఆ అరగంట. ఇప్పుడు కారు మాట్లాడేటప్పుడు రేటుకన్నా ముందు అడిగేది ఒకటే: "అన్నా, ఈరోజు సాయంత్రం నువ్వు బండి తోలుతున్నావా, పడుకుంటున్నావా?" ముసలాయనో, చిన్నపిల్లలో, పెట్టెలు రెండుకు మించో ఉంటే ఇప్పటికీ నేను కారునే ఎంచుకుంటాను. ఇంటి గుమ్మంలో ఎక్కించిన పెట్టె విమానాశ్రయం గుమ్మంలోనే దిగుతుంది, మధ్యలో ఎవరూ ముట్టుకోరు. అత్తయ్య అయితే తిరుత్తణి దాకా నిద్రపోయి, టీ వాసనకి లేచింది.

రెండోసారి ఒక్కణ్ణే. పొద్దున పోయి సాయంత్రం తిరిగి వచ్చే పని కాదు, నాలుగు రోజులు పూణేలో ఉండాలి. వీపు సంచి ఒకటి, చక్రాల పెట్టె ఒకటి. విమానం 6:15కి. ఒక్కడికి 3,600 పెట్టడం మనసొప్పలేదు. రాత్రి 11:15కి ఆర్టీసీ సూపర్ లగ్జరీ ఎక్కాను.

తిరుపతి నుంచి మద్రాసు బస్సు అంటే అన్నీ ఒకటే అనుకుంటాం. కాదు. ఊత్తుకోట మీదుగా రెడ్‌హిల్స్ దారిలో పోయే బస్సులు మాధవరం బస్టాండులో ఆగుతాయి. మాధవరం మద్రాసుకి ఉత్తరపు కొస, విమానాశ్రయం దక్షిణపు కొస. రెంటికీ మధ్య ఊరు మొత్తం దాటాలి. తిరుత్తణి, తిరువళ్లూరు మీదుగా పోయే బస్సు పూందమల్లి తాకి కోయంబేడు వైపు పోతుంది. పూందమల్లి దగ్గర దిగితే విమానాశ్రయం పదిహేను కిలోమీటర్ల దరిదాపుల్లోనే ఉంటుంది. అందుకే టికెట్టు కొనేముందు చూడాల్సింది ధరో సీటో కాదు, బస్సు ఏ దారిన పోతుందన్నది. కండక్టరుని "పూందమల్లి తగులుతుందా" అని అడిగితే చాలు.

ఇక సామాను. నా పెట్టెని లగ్జరీ బస్సు డిక్కీలో వేశారు. పూందమల్లిలో మూడింటికి దిగేటప్పుడు డ్రైవరు కిందికి దిగి, తాళం తీసి, ఎవరివో ఐదు మూటలు పక్కకి లాగి నా పెట్టె తీయాల్సి వచ్చింది. "చివరి దాకా పోయేవాళ్ల సామానే డిక్కీలో వెయ్యాలి, నువ్వు మధ్యలో దిగుతానని ముందే చెప్పాలి గదా" అని ఆయన గొణిగాడు. న్యాయమే. మధ్యలో దిగేవాళ్లు పెట్టెని లోపల సీటు పక్కనో పై అరలోనో పెట్టుకోవాలి, లేదా డిక్కీ మూసేముందే చెప్పి, అన్నిటికన్నా చివర వేయించుకోవాలి.

దిగాక పూందమల్లి బైపాసు పక్కన, ఆ చీకట్లో నేను, నా పెట్టె, నాలుగు కుక్కలు. యాప్‌లో బండి పిలిస్తే ఒకడు ఒప్పుకున్నాడు, ఐదు నిమిషాలు కదలకుండా ఉండి రద్దు చేశాడు. రెండోవాడూ అంతే. ఎదురుగా టీ బడ్డీ దగ్గర ఆటో ఉంటే వచ్చీరాని తమిళంలో బేరమాడి 450కి ఒప్పించాను. 3:50కల్లా చేరాను. బస్సు, ఆటో కలిపి 750 లోపే అయింది. ఆదా చేసినదాన్ని తిట్టుకున్నది రెండు రద్దుల మధ్య ఆ పన్నెండు నిమిషాలే. మగాణ్ణి, ఒంటరిగా, ఒక పెట్టెతో ఉన్నాను కాబట్టి ఇంత తేలిగ్గా చెప్తున్నాను. మా ఆవిడని ఒంటరిగా ఆ వేళ ఆ చోట దించమంటే దించను. తను పోవాలంటే కోయంబేడు బస్టాండు దాకా బస్సులోనే పొమ్మంటాను, దూరమూ పెద్దగా పెరగదు, అక్కడ రాత్రంతా జనం, వెలుగు ఉంటాయి.

ఆ రోజు చాలామంది "కోయంబేడులో దిగి మెట్రో ఎక్కొచ్చు గదా" అన్నారు. ఎక్కొచ్చు, మెట్రో నడుస్తుంటే. మద్రాసు మెట్రో తెల్లారి 5 నుంచి మొదలవుతుంది. నా 6:15 విమానానికి కౌంటరు 5:15కి మూసేస్తారు. తొలి రైలు ఎక్కేటప్పటికే నా పెట్టె ఇంటికి తిరిగి రావాలి.

మెట్రో ఏ విమానానికి అందుతుందో మూడోసారి చూశాను. విమానం 8:20కి, నాతో మా అబ్బాయి. ఇద్దరికీ కలిపి మూడు పెట్టెలు, వాడు చదువుకోడానికి పోతున్నాడు కాబట్టి ఒకటి బాగా బరువు. ముందురోజు సాయంత్రం రైల్లో సెంట్రల్‌కి వచ్చి, పెరియమేటలో ఒక లాడ్జిలో దిగాం. గది 1,100. దుప్పటి గురించి మాట్లాడను. రైలూ, లాడ్జీ కలిపితే కారు ఖర్చులో సగం అయింది, నిద్ర మాత్రం పూర్తిగా దొరికింది.

పొద్దున 5కి ముందే సెంట్రల్ మెట్రో గేటు దగ్గర నిల్చున్నాం. లిఫ్టు ఉంది, కానీ రోడ్డు మీది నుంచి అది ఎక్కడుందో వెతుక్కోవాలి. ఎస్కలేటరు మీద బరువు పెట్టెని ఒక మెట్టు కింద ఆనించి పట్టుకోవడం మా వాడికి రెండుసార్లు తప్పింది. లోపల సామానంతా ఎక్స్‌రే యంత్రంలో వేయాలి, మూడు పెట్టెలు ఎత్తి, దించి, మళ్లీ ఎత్తాలి. నీలం లైనులో విమానాశ్రయం చివరి స్టేషను కాబట్టి మధ్యలో మారే పని లేదు. 5:10కి ఎక్కితే 5:50కి దిగాం. టికెట్టు ఒక్కొక్కరికి 50 దాటలేదు. రైల్లో ఆ వేళ జనం తక్కువ, పెట్టెలు తలుపు పక్కన నిలబెట్టుకున్నాం.

దిగాక స్టేషను నుంచి టెర్మినల్‌కి పైవంతెన మీద నడక. అది తేలిగ్గానే ఉంటుంది. దేశీయ విమానాలకి T1, T4 అని రెండు టెర్మినళ్లు, టికెట్టు మీద ఏది రాశారో ముందే చూసుకుంటే చివర్లో అటూ ఇటూ తిరగక్కర్లేదు. 6:10కి కౌంటరు ముందు ఉన్నాం. అంటే మొదటి మెట్రోతో వచ్చేవాడికి 7:30 తర్వాతి విమానం అయితే నింపాది, 7:15 అయితే గుండె దడ, అంతకు ముందుది అయితే వద్దు. సామాను చేతిలోదే అయితే ఇంకో పావుగంట ముందుకి జరుపుకోవచ్చు, ఎందుకంటే కౌంటరు లైను పని ఉండదు.

పెట్టెని ఎన్నిసార్లు ఎత్తామో ఆ రోజు మా వాడు లెక్కపెట్టాడు. ఇంటి నుంచి ఆటో, ఆటో నుంచి రైలు, రైలు నుంచి లాడ్జి, లాడ్జి మెట్లు, మెట్రో ఎక్స్‌రే, కౌంటరు బెల్టు. "నాయనా, పదకొండు" అన్నాడు. కారులో ఇదే లెక్క మూడు.

వచ్చే నెల వాడు సెలవులకి వచ్చి మళ్లీ పోతాడు, ఈసారి టికెట్టు 5:55కి తీసుకున్నాడు, చవగ్గా వచ్చిందని. మొదటిసారి తిరుత్తణిలో పడుకున్న డ్రైవరుకే ఫోన్ చేశాను. ఆరోజు సాయంత్రం కొండకి పోనని మాటిచ్చాడు, పర్మిట్టుతో కలిపి 3,800.