పేమెంట్ ఆలస్యమైతే ఫోనా, వాట్సాపా, మెయిలా?

ఫ్రీలాన్స్ పని చేసేవాళ్లు నన్ను పదే పదే అడిగేది ఇదే: గడువు దాటినా డబ్బు పడకపోతే ఎలా అడగాలి? నేను మెయిల్ వైపే. చాలా కంపెనీల్లో మనకు పని ఇచ్చేవాళ్లు వేరు, డబ్బు వేసేవాళ్లు వేరు. మనం అడిగింది ఆ రెండోవాళ్ల దాకా అక్షరం పోకుండా చేరాలి.

మొన్న ఒక కంపెనీకి బ్రోషర్ డిజైన్ చేసి, జులై 4న 60,000 రూపాయల ఇన్‌వాయిస్ పంపాను. 'పదిహేను రోజుల్లో' అని రాస్తే ఎప్పటినుంచి లెక్క అని పేచీ వస్తుంది కాబట్టి, జులై 19లోగా అని తేదీయే వేశాను. 19 దాటింది. పని ఇచ్చిన మేనేజర్‌గారికి వాట్సాప్ పెడితే "చెప్తానండీ" అన్నారు. వారం తర్వాతా అదే మాట. ఆవిడ అకౌంట్స్‌లో నిజంగానే అడిగారు. కానీ ఇన్‌వాయిస్ నంబర్ లేకుండా నోటిమాటగా అడిగితే అక్కడ ఎవరు వెతుకుతారు?

ఆగస్టు 1న, ఇన్‌వాయిస్ పంపిన పాత మెయిల్‌కే రిప్లై కొట్టి, పీడీఎఫ్ మళ్లీ జతచేసి, అకౌంట్స్‌వాళ్లను సీసీలో పెట్టి ఇలా రాశాను:

"నమస్తే అండీ. జులై 4 నాటి ఇన్‌వాయిస్ నంబర్ 07, మొత్తం 60,000. టీడీఎస్ 10 శాతం, అంటే 6,000 పోను 54,000 రావాలి. గడువు జులై 19. మీకు నా నుంచి ఇంకేదైనా కాగితం కావాలంటే చెప్పండి, ఈరోజే పంపుతాను. లేకపోతే ఏ తేదీకి పడుతుందో తెలియజేయగలరు."

మధ్యాహ్నానికే జవాబొచ్చింది: ఇన్‌వాయిస్‌లో పీవో నంబర్ లేదు, అందుకే హోల్డ్‌లో పెట్టాం అని. పీవో అంటే ఆ పనికి కంపెనీ రాసే పర్చేజ్ ఆర్డర్. 'ఇంకేదైనా కాగితం కావాలా' అన్న వాక్యమే పని చేసింది. ఎందుకు ఆపారని నిలదీస్తే సర్దిచెప్పేవాళ్లు. ఇలా అడిగేసరికి అసలు కారణం చెప్పారు. నంబర్ వేసి పంపాను, ఆ వారంలోనే 54,000 పడింది.

రెండు మెయిళ్లకూ జవాబు లేకపోతే అప్పుడు ఫోన్, అదీ అకౌంట్స్‌కే. వాళ్లు చెప్పిన తేదీని వెంటనే మెయిల్‌లో రాసి పెట్టండి. వాట్సాప్ "మెయిల్ పెట్టాను, చూడగలరు" అనడానికి చాలు. యజమానే ఫోన్‌లోంచి డబ్బు వేసే చిన్న క్లయింట్ అయితే మాత్రం వాట్సాప్‌లోనే అడిగేయొచ్చు.

చిన్న సంస్థగా ప్రభుత్వం దగ్గర ఉద్యమ్ రిజిస్ట్రేషన్ చేయించుకుని ఉంటే ఆ నంబర్‌ను ఇన్‌వాయిస్‌పై వేయండి. ఒప్పందంలో ఏం రాసుకున్నా చెల్లింపు గడువు 45 రోజులు మించకూడదని 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం చెబుతోంది. మొదటి మెయిల్‌లోనే ఆ మాట ఎత్తకండి, అవతలివాళ్లు బిగుసుకుంటారు.

ఇప్పుడైతే పని ఒప్పుకున్న రోజే పీవో నంబర్, అకౌంట్స్ మెయిల్ ఐడీ రెండూ అడిగి రాసుకుంటున్నాను.